12 పదాలతో రీస్టోర్ చేస్తే బ్యాలెన్స్ సున్నా: డబ్బు ఎక్కడుందో కనుక్కునే పద్ధతి

ప్రశ్న: పాత ఫోన్ పాడైంది. అందులో ఉన్న వాలెట్ యాప్ ఏదో సరిగ్గా గుర్తులేదు. కాగితం మీద రాసుకున్న 12 పదాలు కొత్త ఫోన్‌లో వేరే యాప్‌లో వేశాను. ఎర్రర్ ఏమీ రాలేదు, కానీ బ్యాలెన్స్ 0 చూపిస్తోంది. బిట్‌కాయిన్, కొంత యూఎస్‌డీటీ ఉండాలి. పోయినట్టేనా? చాలా టెన్షన్‌గా ఉంది.

సమాధానం:

పోయి ఉండకపోవడానికే ఎక్కువ అవకాశం ఉంది. మీ పాత యాప్ ఆ పదాల నుంచి ఒక దారిలో అడ్రసులు తయారుచేసింది, కొత్త యాప్ ఇంకో దారిలో తయారుచేస్తోంది. కొత్త యాప్ చూస్తున్న అడ్రసుల్లో ఎప్పుడూ డబ్బు పడలేదు కాబట్టి సున్నా అంటోంది. బిట్‌కాయిన్ విషయంలో తేడా సాధారణంగా ఈ దారిలోనే, అంటే డెరివేషన్ పాత్‌లోనే ఉంటుంది. యూఎస్‌డీటీ విషయంలో ఎక్కువగా నెట్‌వర్క్‌లో ఉంటుంది. రెండిటినీ వేర్వేరుగా వెతకాలి.

ముందు ఒక హెచ్చరిక. ఈ ప్రశ్న ఇక్కడ పెట్టారు కాబట్టి మీకు ప్రైవేట్ మెసేజ్‌లు వస్తాయి. "వాలెట్ సింక్ చేయాలి", "వాలిడేట్ చేయాలి" అంటూ ఒక లింక్ ఇచ్చి, అక్కడ 12 పదాలు టైప్ చేయమంటారు. పదాలు ఎవరికీ ఇవ్వకండి, ఏ వెబ్‌సైట్‌లోనూ టైప్ చేయకండి. సున్నా చూపించే వాలెట్‌లో డబ్బు సాధారణంగా భద్రంగానే ఉంటుంది. అసలు నష్టం ఆ కంగారులో పదాలు బయటపెట్టినప్పుడే జరుగుతుంది. నా దగ్గరికి వచ్చినవాళ్లలో తిరిగి ఏమీ దక్కనివాళ్లు ఎక్కువగా ఇలా మోసపోయినవాళ్లే.

పదాలు సరైనవైతే వాలెట్ ఎందుకు దొరకదు?

12 పదాల్లో మీ బ్యాలెన్స్ ఉండదు, అడ్రసులు కూడా ఉండవు. వాటి నుంచి ఒక పెద్ద సంఖ్య వస్తుంది. ఆ సంఖ్య నుంచి లెక్కలేనన్ని అడ్రసులు పుట్టించవచ్చు. వాటిలో ఏవి వాడాలో చెప్పేదే డెరివేషన్ పాత్. ఊరు, వీధి, ఇంటి నంబరు రాసినట్టే ఇదీ వరుసగా ఉంటుంది: ఏ పద్ధతి, ఏ కాయిన్, ఎన్నో అకౌంట్, డబ్బు తీసుకునే అడ్రసా లేక చిల్లర తిరిగొచ్చే అడ్రసా, ఎన్నో అడ్రస్. ఇందులో ఒక్క అంకె మారినా పూర్తిగా వేరే అడ్రసు వస్తుంది.

బిట్‌కాయిన్‌కి కాలక్రమంలో నాలుగు పద్ధతులు వాడుకలోకి వచ్చాయి. ఒక్కో పద్ధతిలో అడ్రసు మొదటి అక్షరాలు ఒక్కోలా ఉంటాయి. ఇది మనకు బాగా కలిసొచ్చే విషయం.

```
m/44'/0'/0'   ->  1...
m/49'/0'/0'   ->  3...
m/84'/0'/0'   ->  bc1q...
m/86'/0'/0'   ->  bc1p...
```

దీన్ని కళ్లతో చూడాలంటే ఒక ఉదాహరణ. ప్రోగ్రామర్లు పరీక్షలకు వాడే ఒక ప్రసిద్ధ సీడ్ ఫ్రేజ్, అంటే ఇలాంటి 12 పదాల వరుస, ఉంది: `abandon` అనే పదం 11 సార్లు, చివర `about`. అదే ఫ్రేజ్ నుంచి నాలుగు పద్ధతుల్లో వచ్చే మొదటి అడ్రసులు ఇవి:

```
44'  1LqBGSKuX5yYUonjxT5qGfpUsXKYYWeabA
49'  37VucYSaXLCAsxYyAPfbSi9eh4iEcbShgf
84'  bc1qcr8te4kr609gcawutmrza0j4xv80jy8z306fyu
86'  bc1p5cyxnuxmeuwuvkwfem96lqzszd02n6xdcjrs20cac6yqjjwudpxqkedrcr
```

(ఈ పదాలు ప్రపంచమంతటికీ తెలుసు. వీటికి డబ్బు పంపితే ఎవరైనా తీసేసుకోగలరు. చూడటానికి మాత్రమే.)

నాలుగింటికీ మూలం అవే 12 పదాలు. అయినా ఒక అడ్రసుకీ ఇంకో అడ్రసుకీ పోలిక లేదు. మీ పాత యాప్ రెండో వరుస పద్ధతి వాడి ఉండి, కొత్త యాప్ మూడో వరుస మాత్రమే చూస్తే, దాని దృష్టిలో మీది ఎవరూ వాడని కొత్త వాలెట్. అందుకే ఎర్రర్ రాదు, సున్నా వస్తుంది. కొత్త యాప్‌లు చాలావరకు `bc1q` అడ్రసులతోనే మొదలుపెడతాయి కాబట్టి, కొన్నేళ్ల కిందటి `1` లేదా `3` అడ్రసుల వాలెట్లకే ఈ సమస్య ఎక్కువగా వస్తుంది.

మొదటి పని: ఒక పాత అడ్రసు సంపాదించండి

పదాలతో ప్రయోగాలు మొదలుపెట్టే ముందే ఈ పని చేయాలి. ఎక్స్‌చేంజ్‌లో కొని వాలెట్‌కి పంపించి ఉంటే, ఆ ఎక్స్‌చేంజ్ విత్‌డ్రాయల్ హిస్టరీలో మీరు పంపిన అడ్రసు, ట్రాన్సాక్షన్ ఐడీ, వాడిన నెట్‌వర్క్ మూడూ ఉంటాయి. ఎవరైనా మీకు పంపి ఉంటే వాళ్ల యాప్‌లో ఉంటుంది. పాత చాట్‌లో మీరు పంపిన అడ్రసు, గ్యాలరీలో క్యూఆర్ కోడ్ స్క్రీన్‌షాట్, మెయిల్‌లో వచ్చిన విత్‌డ్రాయల్ కన్ఫర్మేషన్, ఏదైనా పనికొస్తుంది.

ఆ అడ్రసును `mempool.space` లాంటి ఎక్స్‌ప్లోరర్‌లో, అంటే లావాదేవీలు ఎవరైనా చూడగలిగే వెబ్‌సైట్‌లో వెతకండి. అడ్రసు వెతకడంలో దొంగతనం భయం లేదు. పదాలు మాత్రం అక్కడ టైప్ చేయకూడదు.

డబ్బు ఆ అడ్రసులో ఇంకా ఉందని కనిపిస్తే ఊపిరి పీల్చుకోవచ్చు. ఇక మిగిలింది ఆ అడ్రసుకు దారితీసే పాత్ కనుక్కోవడమే. మొదటి అక్షరాలు చూసి పై పట్టికలో ఏ వరుసో తెలుసుకోండి.

ఆ అడ్రసులో సున్నా ఉండి, డబ్బు బయటికి వెళ్లినట్టు కనిపిస్తే మాత్రం వెంటనే దొంగతనం అనుకోకండి. ఇక్కడ చాలామంది పొరబడతారు. బిట్‌కాయిన్‌లో కొంత ఖర్చుపెట్టినా, అడ్రసుకు వచ్చిన ఆ మొత్తం ముక్క కదులుతుంది. మిగిలింది చిల్లరగా మీ వాలెట్‌లోనే ఇంకో అడ్రసుకు తిరిగొస్తుంది.

ఈ మధ్య ఒకరి విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. ఆయన ఎక్స్‌చేంజ్ నుంచి 0.015 బిట్‌కాయిన్‌ను `3`తో మొదలయ్యే అడ్రసుకు పంపుకున్నారు. తర్వాత ఎప్పుడో ఒక స్నేహితుడికి 0.004 ఇచ్చారు. కొత్త యాప్‌లో సున్నా. ఎక్స్‌ప్లోరర్‌లో పాత అడ్రసు చూస్తే అక్కడా సున్నా, 0.015 మొత్తం బయటికి వెళ్లినట్టుంది. ఎవరో దోచుకున్నారని ఆయన నిర్ధారణకు వచ్చేశారు. ఆ ట్రాన్సాక్షన్ తెరిచి చూశాం. ఒకవైపు 0.015 లోపలికి, రెండోవైపు రెండు భాగాలు బయటికి: స్నేహితుడికి వెళ్లిన 0.004, ఇంకో `3` అడ్రసుకు వెళ్లిన 0.0109. తేడా 0.0001 ఫీజు. ట్రాన్సాక్షన్ తేదీ ఆయన స్నేహితుడికి ఇచ్చిన రోజుతో సరిపోయింది. ఆ 0.0109 ఇప్పటికీ కదలకుండా ఉంది. అంటే అది చిల్లర, ఆయనదే.

అడ్రసు `3`తో మొదలైంది కాబట్టి పాత్ `m/49'/0'/0'` అయి ఉండాలి. కొత్త యాప్ `m/84'/0'/0'` మాత్రమే చూస్తోంది. కంప్యూటర్‌లో ఎలక్ట్రమ్ అనే వాలెట్ ప్రోగ్రామ్ పెట్టి 49 పాత్‌తో తెరిచాం. మొదటి తీసుకునే అడ్రసే ఎక్స్‌చేంజ్ హిస్టరీలో ఉన్న అడ్రసు. చిల్లర అడ్రసుల జాబితాలో మొదటిదాని పక్కన 0.0109 కనిపించింది. దాని పూర్తి పాత్ `m/49'/0'/0'/1/0`. చివరి నుంచి రెండో అంకె 1 అంటే చిల్లర వైపు అని అర్థం, 0 అయితే తీసుకునే వైపు.

ఇలా పాత అడ్రసు కొత్త వాలెట్ జాబితాలో అక్షరం పొల్లుపోకుండా కనిపిస్తే, పదాలూ పాతూ రెండూ సరైనవని రుజువైనట్టే. అందుకే పాత అడ్రసు ముందు సంపాదించమన్నాను.

ఎలా తెరవాలి

కొత్త ఫోన్‌లోని యాప్‌ను డిలీట్ చేయాల్సిన పని లేదు, దాన్ని అలాగే ఉండనివ్వండి. వైరస్ అనుమానం లేని కంప్యూటర్‌లో ఎలక్ట్రమ్ గాని, స్పారో గాని పెట్టుకోండి. డౌన్‌లోడ్ `electrum.org` నుంచి, `sparrowwallet.com` నుంచి మాత్రమే. సెర్చ్‌లో పైన వచ్చే ప్రకటనల మీద నొక్కకండి, నకిలీ కాపీలు తిరుగుతుంటాయి.

ఎలక్ట్రమ్‌లో కొత్త వాలెట్ మొదలుపెట్టి, `Standard wallet`, తర్వాత `I already have a seed` ఎంచుకోండి. పదాలు వేసే చోట సీడ్ రకం `BIP39` అని మార్చాలి. ఇది మర్చిపోతే పదాలు సరైనవైనా ముందుకు వెళ్లనివ్వదు, ఎందుకంటే ఎలక్ట్రమ్‌కి తనదైన వేరే సీడ్ పద్ధతి ఉంది. తర్వాతి తెరలో స్క్రిప్ట్ రకం, పాత్ అడుగుతుంది. అక్కడే `Detect Existing Accounts` అనే బటన్ ఉంటుంది. అది బాగా వాడుకలో ఉన్న పాత్‌లన్నీ తానే వెతికి, ఎక్కడ లావాదేవీలు జరిగాయో చూపిస్తుంది. నేను ముందు దాన్నే నొక్కమంటాను. అది ఏమీ పట్టుకోకపోతే `3` అడ్రసులకు `p2sh-segwit`, `1` అడ్రసులకు `legacy` ఇలా ఒక్కొక్కటీ చేత్తో ఎంచుకుని చూడవచ్చు.

మీ పాత అడ్రసు `bc1p`తో మొదలైతే స్పారో వాడండి. అందులో పదాలు వేశాక `Discover Wallet` బటన్ అదే పని చేస్తుంది. ఇంటర్నెట్‌లో సర్వర్‌కు కనెక్ట్ అయి ఉంటేనే అది వెతకగలదు.

పాత్ సరైనదే, పాత అడ్రసూ కనిపిస్తోంది, కానీ డబ్బు పూర్తిగా రాలేదు అంటే రెండు కారణాలు చూడాలి. ఒకటి, పాత యాప్‌లో మీరు రెండో అకౌంట్ తెరిచి ఉండవచ్చు. అప్పుడు పాత్‌లో మూడో అంకె మారుతుంది: `m/49'/0'/1'`. రెండోది గ్యాప్ లిమిట్. వాలెట్లు అడ్రసులను వరుసగా చూసుకుంటూ వెళ్లి, వరుసగా 20 ఖాళీ అడ్రసులు తగిలితే సాధారణంగా అక్కడ ఆపేస్తాయి. మీరు 'కొత్త అడ్రసు' బటన్‌ను పదేపదే నొక్కి, ఎక్కడో 35వ అడ్రసుకు డబ్బు తెప్పించుకుని ఉంటే యాప్ అక్కడిదాకా వెళ్లదు. స్పారోలో వాలెట్ సెట్టింగ్స్‌లో `Advanced` లోపల గ్యాప్ లిమిట్‌ను 100 చేస్తే అవి బయటపడతాయి.

పాత్ అన్నీ చూశాక కూడా పాత అడ్రసు రాకపోతే

అప్పుడు అనుమానం పదాల మీదికీ పాస్‌ఫ్రేజ్ మీదికీ వెళ్లాలి.

12 పదాల వరుసలో ఒక చిన్న సరిచూపు ఉంటుంది. తప్పు పదం వేస్తే యాప్‌లు చాలావరకు పట్టుకుంటాయి. కానీ ఆ సరిచూపు 4 బిట్లే. అంటే ఒక పదం బదులు అదే జాబితాలోని ఇంకో పదం వేస్తే సుమారు 16కి ఒకసారి అది దాటిపోతుంది, యాప్ నోరెత్తదు, మీకు వేరే ఖాళీ వాలెట్ వస్తుంది. కాగితం మీద చేతిరాత మళ్లీ చూడండి. ఆ జాబితాలో మొత్తం 2048 పదాలున్నాయి. దగ్గరగా కనిపించేవీ ఉన్నాయి: `word`, `world` రెండూ ఉన్నాయి, `cat`, `catch` రెండూ ఉన్నాయి.

పాస్‌ఫ్రేజ్ దీనికన్నా కష్టం. కొందరు దాన్ని 25వ పదం అంటారు, 12 పదాల వాళ్లకు అది 13వది. పాత వాలెట్ పెట్టుకున్నప్పుడు పదాలతో పాటు ఇంకో రహస్య మాట ఇచ్చి ఉంటే, అది లేకుండా అదే వాలెట్ రాదు. దీనికి సరిచూపు అస్సలు లేదు. పెద్దక్షరం చిన్నక్షరం తేడా వచ్చినా, చివర ఒక స్పేస్ పడినా, తప్పు అని చెప్పదు, ఇంకో ఖాళీ వాలెట్ తెరుస్తుంది. యాప్ తెరవడానికి వాడే పిన్, వేలిముద్ర, పాస్‌వర్డ్ ఇవి కావు, వాటికి ఈ లెక్కతో సంబంధం లేదు. మీరు పాస్‌ఫ్రేజ్ పెట్టిన గుర్తే లేకపోతే దీని గురించి ఎక్కువ ఆలోచించకండి. మామూలు ఫోన్ వాలెట్లలో అది మీరు కావాలని పెట్టుకుంటేనే ఉంటుంది.

ఇక యూఎస్‌డీటీ

ఇది వేరే కథ. ముందుగా `0x`తో మొదలయ్యే పాత అడ్రసును, కొత్త యాప్‌లో కనిపిస్తున్న `0x` అడ్రసుతో పోల్చండి. అన్నీ ఈ పోలిక మీదే ఆధారపడతాయి.

రెండూ ఒకటే అయితే పాత్ తప్పు కాదు, నెట్‌వర్క్ తేడా. ఇథీరియం, బీఎన్‌బీ స్మార్ట్ చైన్, పాలిగాన్, ఆర్బిట్రమ్ అన్నిటిలోనూ మీ `0x` అడ్రసు ఒకటే. కానీ వాటి ఖాతా పుస్తకాలు వేరు. బీఎన్‌బీ చైన్ మీద వచ్చిన యూఎస్‌డీటీ ఇథీరియం వైపు నుంచి చూస్తే ఉండదు. ఎక్స్‌చేంజ్ హిస్టరీలో నెట్‌వర్క్ గడిలో BEP20 అని ఉంటే బీఎన్‌బీ స్మార్ట్ చైన్, ERC20 అని ఉంటే ఇథీరియం. `bscscan.com`, `etherscan.io`, `polygonscan.com`, `arbiscan.io` ఒక్కోదాంట్లో మీ అడ్రసు వేసి చూడండి. దొరికిన నెట్‌వర్క్‌ను యాప్‌లో జోడించండి. చైన్ ఐడీలు: ఇథీరియం 1, బీఎన్‌బీ 56, పాలిగాన్ 137, ఆర్బిట్రమ్ 42161. నెట్‌వర్క్ సరైనదే అయినా టోకెన్ కనిపించకపోతే, అది జాబితాలో దాగి ఉందంతే. ఎక్స్‌ప్లోరర్‌లో మీ పాత లావాదేవీలో ఉన్న కాంట్రాక్ట్ అడ్రసు కాపీ చేసి టోకెన్‌గా చేర్చుకోవాలి. బయటి నుంచి ఎవరో పంపిన కాంట్రాక్ట్ అడ్రసు వాడకండి.

అక్కడి నుంచి కదిలించాలంటే ఆ నెట్‌వర్క్ సొంత కాయిన్ కొద్దిగా ఉండాలి. బీఎన్‌బీ చైన్‌లో బీఎన్‌బీ, ఆర్బిట్రమ్‌లో ఈథర్. అది లేక బటన్ పనిచేయకపోతే డబ్బు ఇరుక్కుపోయిందని భయపడతారు, ఫీజుకు చాలినంత కాయిన్ పంపుకుంటే సరిపోతుంది. ఆ ఫీజు డబ్బు తమ అడ్రసుకు పంపితే "అన్‌లాక్" చేస్తామనేవాళ్లు దొంగలు.

రెండు `0x` అడ్రసులూ వేరైతే అప్పుడు పాత్. ఇథీరియంలో మొదటి అకౌంట్‌కు యాప్‌లు దాదాపు అన్నీ `m/44'/60'/0'/0/0` వాడతాయి కాబట్టి అది మామూలుగా దొరుకుతుంది. తేడా రెండో అకౌంట్ నుంచి వస్తుంది.

```
MetaMask       m/44'/60'/0'/0/1
Ledger Live    m/44'/60'/1'/0/0
Ledger legacy  m/44'/60'/0'/1
```

మూడూ 'రెండో అకౌంట్' అనే పేరుతోనే కనిపిస్తాయి, మూడూ వేర్వేరు అడ్రసులు. మొదటి అకౌంట్ వచ్చింది, రెండోది ఖాళీగా ఉంది అని ఎవరైనా చెబితే నేను ముందు ఇదే అడుగుతాను. మెటామాస్క్‌లో రెండో అకౌంట్ వాడినవాళ్లు మెటామాస్క్‌లోనే అదే సీడ్‌తో తెరిచి 'అకౌంట్ జోడించు' నొక్కితే చాలు, రీస్టోర్‌లో అది ఒక్కోసారి తనంతట తాను రాదు.

పాత అడ్రసు `T`తో మొదలైతే అది ట్రాన్ నెట్‌వర్క్. దాని కాయిన్ నంబరే వేరు, 195. కొత్త యాప్ ట్రాన్‌కు మద్దతిచ్చేదై ఉండాలి, లేకపోతే ఎన్ని నెట్‌వర్క్‌లు జోడించినా కనిపించదు.

డబ్బు దొరికాక వెంటనే అంతా ఒకేసారి పంపకండి. మీరు రోజూ వాడబోయే వాలెట్‌లో కొత్త సీడ్ తయారుచేసుకుని, ముందు చిన్న మొత్తం పంపి, అది చేరాక మిగిలింది పంపండి. కొత్త పదాలు రాసుకునే కాగితం మీదే ఈ నాలుగూ రాయండి: వాలెట్ యాప్ పేరు, డెరివేషన్ పాత్, పాస్‌ఫ్రేజ్ ఉందో లేదో (దాని మాట కాదు, ఉందనే విషయం మాత్రమే), మొదటి తీసుకునే అడ్రసు.

మీ విషయంలో ఇంకా ముందుకు వెళ్లాలంటే ఇక్కడ ఇవి చెప్పండి: పాత బిట్‌కాయిన్ అడ్రసు ఏ అక్షరాలతో మొదలవుతుంది, ఎక్స్‌ప్లోరర్‌లో దాని మీద డబ్బు ఇంకా ఉందా లేక బయటికి వెళ్లిందా, యూఎస్‌డీటీ విత్‌డ్రాయల్‌లో నెట్‌వర్క్ ఏమని ఉంది, పాత `0x` అడ్రసు కొత్తదానితో సరిపోయిందా. అడ్రసు మొత్తం పెట్టనక్కర్లేదు, మొదటి నాలుగు అక్షరాలు చాలు.